తలా ఒక యూనిట్ పంచుకున్నాం, నా యూనిట్ తప్ప నాకేం రావట్లేదు

ప్రశ్న: మేడం, నేను బీటెక్ సెకండ్ ఇయర్ సీఎస్ఈ, హైదరాబాద్ బయట ఒక కాలేజీలో చదువుతున్నా, హాస్టల్లో ఉంటా. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎండ్ ఎగ్జామ్‌కి ఇంకా మూడు వారాలుంది. అయిదు యూనిట్లు, మేం అయిదుగురం, అందుకే తలా ఒక యూనిట్ తీస్కుని ప్రశ్నలు తయారుచేసి మిగతావాళ్ళని అడుగుదాం అన్నాను. నాది ఫోర్త్ యూనిట్, మెమరీ మేనేజ్‌మెంట్. ఇప్పటికి రెండుసార్లు కూర్చున్నాం. మొదటిసారి అన్నీ "అంటే ఏంటి" ప్రశ్నలే, మా టాపర్ అందరికంటే ముందే చెప్పేశాడు. రెండోసారి యూనిట్ 2 అబ్బాయి ప్రశ్నలే రాసుకురాలేదు, ఫోన్లో ఇంపార్టెంట్ కొశ్చన్స్ పీడీఎఫ్ తెరిచి చదివాడు. నా రూమ్మేట్‌కి ఒక జవాబు తెలీక తప్పు చెప్తే అందరూ నవ్వారు, ఇంక తను రానంటోంది. నాకేమో నా యూనిట్ బాగా వచ్చేసింది, మిగతా నాలుగూ ఎక్కడివక్కడే. మా పేపర్లో ప్రతి యూనిట్ నుంచీ ఒక పది మార్కుల ప్రశ్న రాయాల్సిందే, ఇది కాకపోతే అది అని ఛాయిస్ ఉంటుంది అంతే. గ్రూప్ మానేసి ఒక్కదాన్నే చదువుకోనా? ఐడియా నాదే కాబట్టి మానేస్తే చెడగొట్టింది నేనే అంటారేమో.

జవాబు: చూడమ్మా, ముందు ఒక సంగతి చెప్తాను, నీకు ఫోర్త్ యూనిట్ ఎందుకొచ్చిందో ఆలోచించావా? నువ్వు దాన్ని చదివి, దీంట్లో ఏది అడగొచ్చు, ఎక్కడ పొరబడతారు అని వెతుక్కుంటూ మళ్ళీ చదివి, జవాబు కూడా రాసుకున్నావు కాబట్టి వచ్చింది. అంటే మీ ప్లాన్ పనిచేసింది, కాకపోతే ప్రశ్నలు తయారుచేసిన మనిషికి మాత్రమే పనిచేసింది. మిగతా నలుగురూ నీ యూనిట్ చదవకుండా వచ్చి కూర్చున్నారు, నువ్వూ వాళ్ళ యూనిట్లు చదవకుండానే వెళ్ళావు, ఔనా? తెలీని దాని మీద ఎవరైనా ప్రశ్న అడిగితే గుర్తుతెచ్చుకోడానికి బుర్రలో ఏముంటుంది, ఊహించి ఏదో ఒకటి చెప్పడమే. పని పంచుకోవడంలో చదవడం కూడా పంచేసుకున్నారు, అక్కడే వచ్చింది తేడా. పంచుకోవాల్సింది ప్రశ్నలు తయారుచేసే పని ఒక్కటే, చదవడం మాత్రం అయిదుగురూ అయిదు యూనిట్లూ చదవాల్సిందే. ఛాయిస్ యూనిట్ లోపలే తప్ప యూనిట్లు వదిలేయడానికి లేదన్నావుగా, మరి నీ యూనిట్ ఎంత బాగా వచ్చినా యాభైలో పది మార్కులే.

ఇంకో మోసం కూడా ఉందిందులో. ఎవరో జవాబు చెప్తుంటే విన్నప్పుడు "ఆ, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠం చదివించి, కొందరితో దాన్నే మళ్ళీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మీ టాపర్ టకటకా చెప్పేస్తుంటే మీరు నలుగురూ ఉన్నది ఆ మొదటి అయిదు నిమిషాల్లో. ఎగ్జామ్ మూడు వారాల తర్వాత. అందుకే నేను ముందు మార్చమనేది ఒక్కటే, నోటితో చెప్పడం ఆపండి, కాగితం మీద రాయండి. అడిగేవాడు ప్రశ్న చదువుతాడు, అందరూ పుస్తకం మూసి ఎవరికి వాళ్ళు రాస్తారు, టైమ్ అయ్యాకే నోరు తెరవాలి. టాపర్ కూడా రాయాలి, ముందే చెప్పేసే ఛాన్స్ ఉండదు. నీ రూమ్మేట్ సంగతి కూడా దీంతో చాలావరకు సర్దుకుంటుంది, ఆ అమ్మాయి భయపడేది ప్రశ్నకి కాదు, నలుగురూ తన మొహం చూస్తుండగా జవాబు చెప్పాల్సి రావడానికి. కాగితం మీద తప్పు రాస్తే తనకి మాత్రమే తెలుస్తుంది, తనే దిద్దుకుంటుంది. మార్కులు లెక్కేసి గ్రూపులో పెట్టడాలు, ఎవరికెన్నో చదవడాలు మాత్రం వద్దు.

ఇంక అసలు విషయం, ప్రశ్నలెలా ఉండాలి అనేది. "పేజ్ ఫాల్ట్ అంటే ఏంటి", "థ్రాషింగ్ అంటే ఏంటి" లాంటివి పార్ట్ ఏ లో ఒకటి రెండు మార్కులకి వస్తాయి, వాటిని ఎవరికి వాళ్ళు చదువుకోవచ్చు, నలుగురు కూర్చుని చేయాల్సిన పని కాదది. గ్రూప్ దేనికి పనికొస్తుందంటే, నీకు వచ్చనుకుని తప్పుగా పట్టుకున్న దాన్ని బయటపెట్టడానికి. నీ యూనిట్ నుంచే ఒక ప్రశ్న తీసి చూపిస్తాను, ఈసారి నువ్వు అడగడానికి కూడా పనికొస్తుంది.

రిఫరెన్స్ స్ట్రింగ్ 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అని ఇవ్వు. ఫ్రేములు 3, అల్గారిథం ఫిఫో, ఎన్ని పేజ్ ఫాల్ట్స్? నువ్వు ముందే చేసుకుని ఉండాలి. 1, 2, 3 మూడూ ఫాల్టే, 4 వస్తే 1 పోతుంది, తర్వాత మళ్ళీ 1 వస్తే 2 పోతుంది, 2 వస్తే 3 పోతుంది, 5 వస్తే 4 పోతుంది, ఇక్కడికి 7 ఫాల్టులు, ఫ్రేముల్లో 1, 2, 5 ఉన్నాయి. తర్వాతి 1, 2 రెండూ హిట్టే. 3 వస్తే వీటిలో అందరికన్నా ముందొచ్చిన 1 పోతుంది, 4 వస్తే 2 పోతుంది, చివరి 5 హిట్టు. మొత్తం 9.

ఇప్పుడు మీ వాళ్ళలో ఒకరికి 10 వచ్చిందనుకో. "తప్పు, 9" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయావంటే ఆ ప్రశ్న వేస్టయినట్టే. 10 ఎందుకొచ్చిందో చూడు. మధ్యలో 1, 2 హిట్ అయ్యాయి కదా, అక్కడ చాలామంది "ఇవి ఇప్పుడే వాడాం కదా" అని వాటిని క్యూలో వెనక్కి జరిపేస్తారు, అప్పుడు 3 వచ్చినప్పుడు 1 కి బదులు 5 ని తీసేస్తారు, దాంతో చివర్లో హిట్ అవ్వాల్సిన 5 కాస్తా ఫాల్ట్ అవుతుంది, 10 అవుతుంది. అది ఫిఫో కాదు, వాళ్ళకి తెలీకుండానే ఎల్ఆర్‌యూ చేసేశారు. ఫిఫోలో హిట్ అయినా లైన్లో చోటు మారదు, ఎప్పుడొచ్చిందో అదే లెక్క. అంటే ఆ 10 అనే నంబరే చెప్పేస్తోంది ఆ మనిషి ఎక్కడ తడబడ్డాడో.

అక్కడితో ఆపకు, అదే స్ట్రింగ్‌కి ఫ్రేములు 4 చేసి అడుగు. ఫిఫోలో 10 ఫాల్టులొస్తాయి, ఫ్రేము పెంచితే ఫాల్టులు పెరిగాయి, దీన్నే బెలాడీ అనామలీ అంటారని నీకు తెలుసు. హిట్‌లో వెనక్కి జరిపే అలవాటున్నవాళ్ళకి మాత్రం 3 ఫ్రేములకి 10, 4 ఫ్రేములకి 8 వస్తాయి, చక్కగా తగ్గింది కదా అనుకుంటారు, బెలాడీ అనామలీ డెఫినిషన్ కంఠతా వచ్చి కూడా అది తమ కళ్ళముందే కనపడాల్సిన లెక్కలో కనపడదు. ఇక మూడో ప్రశ్న, ఇదే స్ట్రింగ్ ఎల్ఆర్‌యూతో చేస్తే ఎంత, ఎల్ఆర్‌యూలో ఈ అనామలీ ఎందుకు రాదు? 10, 8 వస్తాయి. ఎందుకు రాదంటే, 4 ఫ్రేములున్నప్పుడు మెమరీలో ఉండేవి ఇటీవల వాడిన 4 పేజీలు, 3 ఫ్రేములుంటే ఇటీవల వాడిన 3 పేజీలు, ఆ మూడూ ఈ నాలుగులో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఫ్రేము పెరిగితే హిట్లు తగ్గే ప్రశ్నే లేదు. ఫిఫోకి ఆ గ్యారంటీ లేదు. చూశావా, ఒకే స్ట్రింగు మీద మూడు ప్రశ్నలు, దీనికే ఇరవై నిమిషాలు పడుతుంది, నలభై డెఫినిషన్ల కంటే ఇది మేలు. నేను పేపర్లు దిద్దేటప్పుడు ఈ తప్పు ఎంత కనపడేదో, టేబుల్ నీట్‌గా గీసి, బాక్సులు కొట్టి, పైన ఫిఫో అని హెడ్డింగ్ పెట్టి, లోపల మొత్తం ఎల్ఆర్‌యూ.

కాబట్టి ప్రశ్న రాసే ప్రతి ఒక్కరూ మూడు రాసుకురావాలి, ప్రశ్న, స్టెప్పులతో జవాబు, ఎలాంటి తప్పు జవాబు రావచ్చు అది ఎందుకొస్తుంది అనేది. మూడోది రాయాలంటేనే యూనిట్ నిజంగా చదవాలి, పీడీఎఫ్ తెరిచి చదవడంతో కుదరదు. యూనిట్‌కి ఆరు ప్రశ్నలు చాలు, అందులో రెండు లెక్కలుండాలి, లేదా లెక్కల్లేని చోట ఒక పరిస్థితి ఇచ్చి ఏమవుతుందో అడగాలి. డెడ్‌లాక్‌కి నాలుగు కండిషన్లు చెప్పమనే బదులు, "రిసోర్సులకి నంబర్లిచ్చి ప్రతి ప్రాసెస్ చిన్న నంబర్ నుంచి పెద్ద నంబర్ వరుసలోనే అడగాలి అని రూల్ పెడితే ఏ కండిషన్ పోతుంది" అని అడిగితే సర్క్యులర్ వెయిట్ అని చెప్పడానికి నాలుగూ గుర్తుచేసుకుని ఒక్కోటీ సరిచూడాలి.

జవాబు కీ మాత్రం కూర్చునే ముందు ఇంకొకరితో చెక్ చేయించండి, ఇది చాలా మంది వదిలేస్తారు. కీ తప్పయితే నలుగురూ తప్పే నేర్చుకుంటారు, అదీ కష్టపడి రాసి మరీ. లెక్కల్లో ముఖ్యంగా. రౌండ్ రాబిన్ ప్రశ్న ఒకటి అనుకుందాం, మూడు ప్రాసెసులూ టైమ్ 0 కే వచ్చాయి, బర్స్ట్ టైములు 24, 3, 3, క్వాంటం 4 అయితే వెయిటింగ్ టైములు 6, 4, 7, యావరేజ్ 5.67. చెక్ చేసే అమ్మాయి కీ చూడకుండా తనే విడిగా చేయాలి, చూసి "ఆ కరెక్టే" అంటే అది చెకింగ్ కాదు. ఇద్దరికీ వేరే నంబర్లొస్తే అప్పుడు టెక్స్ట్ బుక్ తెరవండి. దీంతో ఇంకో లాభం, ఒక్కో యూనిట్ ఇద్దరికి గట్టిగా వస్తుంది.

పంపకంలో కూడా ఒక చిక్కుంది. జేఎన్టీయూ సిలబస్ లాంటిదే మీదీ అయితే యూనిట్ 1 అంతా పరిచయం, స్ట్రక్చర్లు, సిస్టమ్ కాల్స్, చదివితే అయిపోతుంది. యూనిట్ 3 లో డెడ్‌లాక్స్, బ్యాంకర్స్ అల్గారిథం, సెమాఫోర్లు, ఐపీసీ అన్నీ కుక్కి పెడతారు. తలా ఒకటి అంటే సమానంగా పంచినట్టు కనిపిస్తుంది గానీ యూనిట్ 3 వచ్చినవాళ్ళ పని మిగతావాళ్ళకి రెండింతలు. యూనిట్ 1 వాళ్ళని యూనిట్ 3 లో డెడ్‌లాక్స్ వరకు తీస్కోమను, సెమాఫోర్లు, ఐపీసీ అవతలివాళ్ళకి. అలాగే యూనిట్ 2 అబ్బాయి ఎందుకు తేలేదో నాకు తెలీదు, ఎగ్గొట్టాడో, ప్రశ్నలెలా రాయాలో తెలీక వదిలేశాడో. "ప్రశ్నలు తీసుకురా" అంటే ఎన్ని, ఎలాంటివి, ఎప్పటికి అని చెప్పలేదు కదా మీరు. ఈసారి "గాంట్ చార్ట్ లెక్కలు రెండు, ఫోర్క్ మీద అవుట్‌పుట్ ఎంత అని అడిగేవి రెండు, మిగతా రెండు నీ ఇష్టం, బుధవారం రాత్రికి" అని పని చేతిలో పెట్టి చూడు. అప్పుడూ తేకపోతే అతని సంగతి తేలిపోయినట్టే, అతన్ని తీసేయాలా వద్దా అని గొడవపడకండి, ప్రశ్నలు తెచ్చినవాళ్ళే ఆ రోజు కూర్చుంటారు అని అందరికీ వర్తించే రూల్ పెట్టండి, చాలు.

ఇప్పుడు నీ ముందున్న దారులు చెప్తాను, ఏది ఎంచుకోవాలో నీ టైమూ నీ ఓపికా చూస్కో.

ఒకటి, అయిదుగురితోనే నడపడం. రోజు మార్చి రోజు ఒక యూనిట్, అందరూ ఆ యూనిట్ ఒకసారి చదివే రావాలి. గంటన్నర, అందులో నలభై నిమిషాలు నిశ్శబ్దంగా రాయడం, మిగతాది తప్పులు చూడటం. పది రోజుల్లో ఒక రౌండ్ అయిపోతుంది. రెండో రౌండ్‌లో తలా నాలుగు ప్రశ్నలు, తన యూనిట్ కాని వాటి నుంచే తెచ్చి, అన్నీ కలిపేసి అడగాలి. మొదటి రౌండ్‌లో "ఇవాళ సీపీయూ షెడ్యూలింగ్" అని ముందే తెలుసు కాబట్టి ఏ పద్ధతి వాడాలో ఆలోచించక్కర్లేదు, కలిపి అడిగినప్పుడే అది బయటపడుతుంది. ఈ దారిలో ఫలితం ఎక్కువ, కానీ టైం తినేస్తుంది. మీకు ఇంకా నాలుగో అయిదో సబ్జెక్టులుంటాయి, అన్నిటికీ ఇలా కూర్చుంటామంటే కుదరదు. లెక్కలు, తికమకలు ఎక్కువున్న ఒకటి రెండు సబ్జెక్టులకే పెట్టుకోండి.

రెండోది, నువ్వూ నీ రూమ్మేటూ ఇంకొకరూ, ముగ్గురే చేయడం. రూమ్‌లోనే కూర్చోవచ్చు, డే స్కాలర్స్ బస్సు టైముల గొడవ ఉండదు. కానీ ముగ్గురికి అయిదు యూనిట్లంటే ఒక్కొక్కరికి రెండేసి పడతాయి దాదాపు, ప్రశ్నలు తయారుచేయడానికే టైం పోతుంది, అందుకే యూనిట్‌కి ఆరు కాదు, నాలుగుకి తగ్గించుకోండి, పాత పేపర్ల నుంచి లెక్కలు తీస్కుని నంబర్లు మార్చండి. టాపర్ లేకపోతే కీలు తప్పుపోయే రిస్క్ ఉంటుంది, అతనితో కీలు మాత్రం చెక్ చేయించుకోండి, అతనికీ అది ప్రాక్టీసే కాబట్టి కాదనడు.

మూడోది, కూర్చోవడం పూర్తిగా ఆపేసి పేపర్లు మార్చుకోవడం. అందరూ ప్రశ్నలు, కీలు వేరు వేరు కాగితాల మీద రాసి ఇచ్చేస్తారు, ఎవరి టైంలో వాళ్ళు రాసుకుంటారు. ఒక్కదానివే చదువుకోవాలి అనిపిస్తే ఇది ఎంచుకో, నిన్నెవరూ గ్రూప్ చెడగొట్టావనరు, ఎందుకంటే గ్రూప్ ఉంది, మీటింగే లేదు. నష్టమేంటంటే కీ పక్కనే ఉంటే చూడకుండా రాసేవాళ్ళు తక్కువ, పైగా 10 ఎందుకొచ్చిందో చెప్పేవాళ్ళుండరు. నువ్వు సొంతంగా నీ తప్పు వెతుక్కోగలవా అనేది నీకే తెలియాలి. ఫోర్త్ యూనిట్ నువ్వు పట్టిన తీరు చూస్తే నువ్వు చేయగలవనిపిస్తోంది, నీ రూమ్మేట్‌కి మాత్రం ఇది కష్టం కావచ్చు.

నన్నడిగితే నేను మొదటిదాన్ని ఒక్క యూనిట్‌కి ట్రై చేసి, రెండోదానికి వెళ్ళాలా లేదా అప్పుడు తేల్చుకుంటాను. పనిచేస్తోందా లేదా అని తెలుసుకోడానికి కూడా చిన్న పరీక్ష ఉంది, కూర్చున్న నాలుగు రోజుల తర్వాత ఆ యూనిట్ నుంచి, అవే ప్రశ్నలు కాదు, నంబర్లు మార్చినవి రెండు రాసి చూడు. వస్తే మీ పద్ధతి బానే ఉంది. రాకపోతే మీరు రాయడం మానేసి కబుర్లలో పడ్డారన్నమాట, లేదా చదవకుండానే వెళ్ళి కూర్చున్నావు.

రూమ్మేట్‌ని మాత్రం "రావే, ఏం కాదు" అని బతిమాలకు, ఆ నవ్విన రోజు గుర్తుచేసి సారీలు చెప్పించే పని కూడా పెట్టుకోకు, ఇంకా బిగుసుకుంటుంది. తనని నీ కీ చెక్ చేయమను. ఆ స్ట్రింగ్ ఇచ్చి, నా లెక్క సరిగ్గా ఉందో లేదో నాకు డౌటు, నువ్వు విడిగా చేసి చెప్పవా అను. 9 వస్తే తను తర్వాతి మీటింగుకి జవాబు తెలిసిన మనిషిగా వస్తుంది, 10 వస్తే ఆ హిట్ దగ్గర ఏం జరిగిందో మీ ఇద్దరే రూమ్‌లో కూర్చుని చూసుకుంటారు, నవ్వేవాళ్ళెవరూ ఉండరు. ఆ పని ఇవాళ రాత్రి మెస్ నుంచి వచ్చాక చేయండి, మిగతావాళ్ళకి మెసేజ్ రేపు పెట్టొచ్చు.